దీర్ఘాచ్చుల మహాపరివర్తనం: ఇంగ్లీషు స్పెల్లింగులో నిలిచిపోయిన పాత ఉచ్చారణ

ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులన్నీ సుమారు 1400 నుంచి 1700 దాకా, దాదాపు మూడు వందల ఏళ్లలో, తమ పాత చోటు వదిలి మరో చోటికి జరిగాయి. ఈ కదలికనే భాషాశాస్త్రంలో దీర్ఘాచ్చుల మహాపరివర్తనం అంటారు. ఇంగ్లీషులో దీనికి ‘గ్రేట్ వవల్ షిఫ్ట్’ అనే పేరు పెట్టినవాడు డెన్మార్కు భాషావేత్త ఒట్టో యెస్పర్సన్. 1909లో అచ్చయిన తన ఇంగ్లీషు వ్యాకరణం తొలి సంపుటంలో ఆయన ఈ పేరు వాడాడు. నోటిలో అచ్చులు జరిగిపోయాయి. కాగితం మీది అక్షరాలు మాత్రం చాలావరకు ఉన్నచోటే ఉండిపోయాయి. ఇంగ్లీషు అచ్చుల స్పెల్లింగులో మనల్ని ఇబ్బంది పెట్టే పేచీలలో పెద్ద భాగం ఇక్కడే పుట్టింది.

దీని ఫలితం ఇంగ్లీషు అక్షరాల పేర్లలోనే కనిపిస్తుంది. రోమన్ లిపిలో మొదటి అక్షరాన్ని జర్మన్, ఇటాలియన్ పిల్లలు ‘ఆ’ అని చదువుతారు. ఇంగ్లీషు పిల్లలు ‘ఏ’ అంటారు. వాళ్లు ‘ఏ’ అనే అక్షరం వీళ్లకు ‘ఈ’. వాళ్ల ‘ఈ’ వీళ్లకు ‘ఐ’. లాటిన్ నుంచి వచ్చిన పేర్లు ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఆ, ఏ, ఈ గానే ఉండేవి. మాటల్లోని దీర్ఘాచ్చులతో పాటు అక్షరాల పేర్లు కూడా మారిపోయాయి.

ఈ వ్యాసంలో ఇంగ్లీషు అక్షరాలను ‘ఏ’, ‘ఈ’, ‘డబుల్ ఓ’ అని కొటేషన్లలో చూపించాం. ధ్వనులను ఆ-కారం, ఏ-కారం, ఓ-కారం అన్నాం.

మార్పుకు ముందు

1400లో మరణించిన కవి జెఫ్రీ చాసర్ కాలపు లండన్ ఇంగ్లీషులో ఏడు దీర్ఘాచ్చులు ఉండేవి. వాటిలో ఐదు మనకు తెలిసినవే: ఆ, ఏ, ఈ, ఓ, ఊ. మిగిలిన రెండూ ఏ-కారానికీ ఓ-కారానికీ చెందిన రెండో రూపాలు. ‘మేలు’ అన్నప్పుడు, ‘మేక’ అన్నప్పుడు మన నోరు ఏ-కారాన్ని ఒకేలా పలకదు. మేలులో దవడ కాస్త మూసుకుని ఉంటుంది. మేకలో, తరువాతి అక్షరంలోని అ-కారం ప్రభావంతో, నోరు మరింత తెరుచుకుంటుంది. కోడికీ కోటకూ మధ్య ఉన్న తేడా కూడా ఇదే. మూసుకున్న రూపాన్ని సంవృతమనీ తెరుచుకున్న రూపాన్ని వివృతమనీ అంటారు. తెలుగులో ఈ తేడా చుట్టూ ఉన్న ధ్వనులను బట్టి తనంతట తానే వస్తుంది, అర్థాన్ని మార్చదు. అందుకే మనకు ఒక్క ఏ, ఒక్క ఓ అక్షరాలు సరిపోయాయి. చాసర్ ఇంగ్లీషులో మాత్రం ఈ తేడా అర్థాన్నే మార్చేది. కలుసుకోవడమనే ‘మీట్’లో సంవృత ఏ-కారం, మాంసమనే ‘మీట్’లో వివృత ఏ-కారం ఉండేవి. ఆనాటి శ్రోతకు అవి రెండు వేర్వేరు మాటలుగా వినిపించేవి.

ఆ కాలపు ఉచ్చారణను తెలుగు లిపిలో రాస్తే మిగతావి దాదాపు ఇలా ఉంటాయి. నేటి నేమ్ అప్పుడు ‘నామ’. నేటి టైమ్ ‘టీమ’. నేటి మూన్ ‘మోన్’. నేటి హౌస్ ‘హూస్’. ‘నామ’, ‘టీమ’ల చివర తేలికపాటి అచ్చొకటి పలికేది. అది 1400 ప్రాంతానికి నోటి నుంచి జారిపోయింది గానీ దాన్ని సూచించే ‘ఈ’ అక్షరం రాతలో ఉండిపోయింది. నేమ్, టైమ్ చివర పలకని ‘ఈ’ ఎందుకని బడిపిల్లలు అడుగుతుంటారు. ఒకప్పుడు పలికేది కాబట్టే అక్కడుంది. తాను పోయాక, ముందున్న అచ్చు దీర్ఘమని చెప్పే గుర్తుగా దానికి కొత్త పని దొరికింది.

ఏది ఎటు కదిలింది

అద్దం ముందు నిలబడి ఆ, ఏ, ఈ అని వరసగా పలికితే దవడ మెట్టు మెట్టుగా పైకి వస్తుంది, నాలుక ముందు భాగం అంగిలి వైపు లేస్తుంది. ఓ, ఊ పలికినప్పుడు నాలుక వెనక భాగం అలాగే లేస్తుంది. మహాపరివర్తనంలో జరిగింది ప్రధానంగా ఇదే. ప్రతి దీర్ఘాచ్చూ ఒక మెట్టు పైకెక్కింది. ముందు వైపున ఆ-కారం వివృత ఏ-కారం వైపు, వివృత ఏ-కారం సంవృతం వైపు, సంవృత ఏ-కారం ఈ-కారం వైపు నడిచాయి. వెనక వైపున వివృత ఓ-కారం సంవృతమైంది, సంవృత ఓ-కారం ఊ-కారమైంది. అందరికంటే పైమెట్టున ఉన్న ఈ, ఊలకు ఎక్కడానికి ఇంకో మెట్టు లేదు. అవి రెండుగా చీలి సంధ్యక్షరాలయ్యాయి. ఈ-కారం మొదట ‘అఇ’ లాంటి ధ్వనిగా, చివరికి ఐ-కారంగా మారింది. ఊ-కారం ‘అఉ’ మీదుగా ఔ-కారమైంది.

ఇది ఎంత క్రమబద్ధంగా సాగిందో చూడడానికి మూడు జంటలు చాలు. బాతు జాతి పక్షి గూస్, దాని బహువచనం గీస్. పాదం ఫుట్, బహువచనం ఫీట్. ఎలుక మౌస్, బహువచనం మైస్. మొదటి రెండు జంటలు ఒక దారిన, మూడోది ఇంకో దారిన ఉన్నట్టు అనిపిస్తుంది. మార్పుకు ముందుకు వెళ్తే గోస్, గేస్, ఫోట్, ఫేట్, మూస్, మీస్ కనిపిస్తాయి. మూడింటిలోనూ నోటి వెనక పలికే అచ్చు బహువచనంలో నోటి ముందుకు వస్తోంది, అంతే. ఆ తర్వాత నియమం ప్రకారం ఓ-కారాలు ఊ-కారాలయ్యాయి, ఏ-కారాలు ఈ-కారాలయ్యాయి, పైమెట్టున ఉన్న మూస్, మీస్ మాత్రం చీలి మౌస్, మైస్ అయ్యాయి. ఫూట్ ఆ తర్వాత కురచయి ఫుట్ అయింది. మూషికం అనే సంస్కృత పదం తెలిసిన మనకు ఆ పాత ‘మూస్’ కొత్తగా అనిపించదు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చిన మాటలు. సంస్కృతంలో ఊ-కారం నిలిచింది, ఇంగ్లీషులో ఔ-కారమైంది.

అప్పటి ఉచ్చారణ ఇప్పుడెలా తెలుస్తుంది

ధ్వనిముద్రణ లేని కాలం గురించి ఇంత ధీమాగా చెప్పడానికి రకరకాల సాక్ష్యాలున్నాయి. పద్యాలలోని ప్రాసలు, చదువు తక్కువైనవారి ఉత్తరాలలో చెవికి వినిపించినట్టు రాసిన స్పెల్లింగులు, విదేశీయుల కోసం రాసిన భాషా బోధినులు ఉన్నాయి. వీటిలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే సాక్ష్యం ఒక వేల్స్ విద్యార్థిది.

1470 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న యెవాన్ అప్ హౌయెల్ సూర్ద్వాల్ కన్య మేరీ మీద ఇంగ్లీషులో ఒక స్తోత్రం రాశాడు. భాష ఇంగ్లీషే గానీ అక్షర సంప్రదాయం వెల్ష్ భాషది. తన చెవిన పడిన ఇంగ్లీషును తన భాష స్పెల్లింగులో పెట్టాడు. వెల్ష్‌లో ‘డబుల్యూ’ అక్షరం అచ్చుగా వచ్చినప్పుడు దాని విలువ ఉ, ఊ. ఇంగ్లీషులో ‘టి’, ‘ఓ’ అక్షరాలతో రాసే ‘టు’ అనే మాటను అతడు ‘టి’, ‘డబుల్యూ’లతో రాశాడు. అంటే పాత ‘టో’ అప్పటికే ‘టూ’ అయిపోయింది. మన అనే అర్థంలోని ‘అవర్’ను ‘ఓ’, ‘డబుల్యూ’లతో రాశాడు, కాబట్టి పాత ఊ-కారం చీలిపోయింది. ‘అబైడింగ్’లో పాత ఈ-కారం ఉండాల్సిన చోట ‘ఈ’, ‘ఐ’ అక్షరాలు రెండూ పక్కపక్కన పెట్టాడు. అదీ చీలింది. కానీ ‘లేడీ’ మొదట్లో అతడు వాడింది వెల్ష్‌లో ఆ-కారపు విలువ ఉన్న ‘ఏ’ అక్షరాన్నే. పైమెట్లలో కదలిక మొదలైందనీ అడుగున ఉన్న ఆ-కారం ఇంకా లేవలేదనీ ఈ నాలుగు మాటలూ కలిసి చెబుతున్నాయి.

వందేళ్ల తర్వాత జాన్ హార్ట్ 1569లో ‘యాన్ ఆర్థోగ్రఫీ’ అనే పుస్తకం అచ్చువేయించాడు. పలికినట్టు రాయాలన్నది అతని పట్టుదల. దానికోసం సొంతంగా ఒక లిపిని తయారుచేసుకుని, ఏ అచ్చుకు నోరు ఎలా పెట్టాలో వివరించాడు. అతని వర్ణనలో కూడా పాత ఈ-కారం సంధ్యక్షరమే, ఆ-కారం మాత్రం నోరు బాగా తెరిచి పలికే ధ్వనిగానే ఉంది. అంటే షేక్స్పియర్ పుట్టి ఐదేళ్లయ్యేనాటికి కూడా నేమ్ ఇంకా నేమ్ కాలేదు.

మొదట కదిలింది ఏది

పైనున్న ఈ, ఊలు ముందు జరిగి ఖాళీ చేస్తే కిందివి ఆ చోటుకు ఎక్కాయా, లేక మధ్యనున్న ఏ, ఓలు ముందు లేచి పైవాటిని నెట్టాయా అన్నది నూరేళ్లకు పైబడిన వాదం. యెస్పర్సన్ మొదటి పక్షం. ఆస్ట్రియా పండితుడు కార్ల్ లూయిక్ రెండో పక్షం. లూయిక్ తన వాదానికి ఆధారంగా చూపింది బ్రిటన్ ఉత్తర ప్రాంతపు మాండలికాలను.

స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్ ఉత్తరపు అంచుల్లోనూ పాత ఓ-కారం దక్షిణాదిలో లాగా వెనకే ఉండిపోలేదు. మహాపరివర్తనానికి ముందే, దాదాపు 1300 నాటికే, అది నోటి ముందు భాగానికి జరిగి, పెదవులు గుండ్రంగా పెట్టి ఏ-కారం పలికినట్టుండే ధ్వనిగా మారింది. అంటే ఆ ప్రాంతంలో ఊ-కారం కింద మెట్టు ఖాళీ. నెట్టేవాళ్లే లేరు. అక్కడ ఊ-కారం ఏమైందో చూద్దాం. స్కాట్స్ మాట్లాడేవారు సంప్రదాయ ఉచ్చారణలో నేటికీ ఇంటిని ‘హూస్’, ఎలుకను ‘మూస్’, ఆవును ‘కూ’ అంటారు. ఊ-కారం చీలలేదు. అదే ప్రాంతంలో ముందు వైపు సంవృత ఏ-కారం మాత్రం అప్పటిదాకా తన చోటనే ఉంది, తర్వాత పైకి లేచింది, దాని పైనున్న ఈ-కారం దక్షిణాదిలో లాగే చీలింది. నెట్టినచోట చీలడం, నెట్టనిచోట చీలకపోవడం ఒకే మాండలికంలో పక్కపక్కన దొరికాయి. ఖాళీ కోసం పైవి తమంతట తామే జరిగి ఉంటే, ఉత్తరాది ఊ-కారం కూడా జరిగి ఉండాల్సింది. ఈ ఒక్క ఆధారం వల్లనే నేను లూయిక్ పక్షం వహిస్తాను. అతని వాదం మార్పు పైసగానికి బాగా సరిపోతుంది. ఆ-కారం, వివృత ఏ-కారాల కదలిక చాలా ఆలస్యంగా వచ్చింది కనుక, పైసగాన్నీ కిందిసగాన్నీ ఒకే సంఘటనగా లెక్కించవచ్చా అని రాబర్ట్ స్టాక్‌వెల్, డోంకా మింకోవా వంటి భాషావేత్తలు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో బలముంది.

అసలు కదలిక ఎందుకు మొదలైంది అన్నదానికి అందరూ ఒప్పుకున్న సమాధానం లేదు. 1348లో ఇంగ్లండ్‌ను తాకిన ప్లేగు తర్వాత పల్లెల నుంచి లండన్‌కు వలస పెరిగి, వేర్వేరు మాండలికాలవాళ్లు ఒకచోట చేరడం ఒక కారణంగా చెబుతారు. జర్మన్‌లోనూ ఈ, ఊలు చీలి ఐ, ఔలయ్యాయి గనుక ఇంగ్లండ్ పరిస్థితులతోనే అంతా వివరించడం కుదరదు. జర్మన్లు మాత్రం ‘హూస్’ ‘హౌస్’ అయ్యాక స్పెల్లింగును కూడా ఔ-కారానికి తగినట్టు మార్చుకున్నారు.

మూన్, గుడ్, బ్లడ్

మహాపరివర్తనం స్పెల్లింగులో మిగిల్చిన చిక్కుల్లో ‘డబుల్ ఓ’ అంత తేటగా విడిపోయేది మరొకటి లేదు. ఒకే జంట అక్షరాలకు మూన్‌లో ఊ, గుడ్‌లో ఉ, బ్లడ్‌లో అ. తెలుగులో రాసుకుంటే మూడు వేర్వేరు గుణింతాలు. ఏ మాటకు ఏది అని గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదని పాఠాల్లో చెబుతారు. నిజానికి ఈ మూడూ ఒకే మార్గంలో వేర్వేరు కాలాల్లో దిగిపోయిన మాటలు.

మొదట స్పెల్లింగు సంగతి. ‘ఓ’ అక్షరాన్ని రెండుసార్లు రాయడం దీర్ఘ ఓ-కారానికి గుర్తు. ఆ రాత పుట్టినప్పుడు మూన్ ‘మోన్’, గుడ్ ‘గోడ్’, బ్లడ్ ‘బ్లోడ్’. రాత నోటికి సరిగ్గా సరిపోయేది. తర్వాత మార్పు వచ్చి మూడూ ఊ-కారంలోకి లేచాయి: మూన్, గూడ్, బ్లూడ్.

ఇక్కడి నుంచి మరో రెండు మార్పులు కలుస్తాయి. ఒకటి, కొన్ని హల్లుల ముందు, ముఖ్యంగా ‘డ్’, ‘ట్’, ‘క్’ల ముందు, ఈ ఊ-కారం కురచై ఉ-కారం కావడం. ఇది అన్ని మాటల్లో ఒకేసారి జరగలేదు. మాట మాటకీ విడిగా, చాలాకాలం పాటు సాగింది. రెండోది, 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లో ఉన్న హ్రస్వ ఉ-కారాలు చాలావరకు అ-కారం వంటి ధ్వనిగా మారడం. కట్, సన్, లవ్ అన్నీ అంతకుముందు ఉ-కారంతో పలికినవే. పెదవులతో పలికే హల్లు పక్కనున్న కొన్ని మాటలు, అంటే పుట్, పుల్, ఫుల్, బుష్ లాంటివి, ఉ-కారాన్ని నిలుపుకున్నాయి. ‘పుట్’కూ ‘కట్’కూ ఒకే అక్షరం ఉండీ పలకడంలో తేడా ఎందుకని తరగతిలో వచ్చే ప్రశ్నకు జవాబు ఇది.

బ్లడ్, ఫ్లడ్ అనే మాటలు తొందరగా కురచయ్యాయి. 17వ శతాబ్దపు మార్పు వచ్చేసరికి అవి ‘బ్లుడ్’, ‘ఫ్లుడ్’ రూపంలో సిద్ధంగా ఉన్నాయి. కట్‌తో పాటే వాటి ఉ-కారమూ అ-కారమైంది. గుడ్, ఫుట్, బుక్ ఆ మార్పు దాటిపోయాక కురచయ్యాయి. అందుకే వాటిలో ఉ-కారమే ఉంది. మూన్, స్పూన్, ఫుడ్ కురచవలేదు. మనం తెలుగులో ‘ఫుడ్’ అని హ్రస్వంగా రాసినా ఇంగ్లీషులో అది దీర్ఘమే, మూన్ వరసదే. కాబట్టి ఒకే స్పెల్లింగుకు ఉన్న మూడు ఉచ్చారణలు మాట ఎప్పుడు కురచైందో చెబుతాయి: ముందుగానా, ఆలస్యంగానా, అసలు కాలేదా.

ఈ వివరణ సరైనదేనా అని పరీక్షించే అవకాశం ప్రాంతీయ ఉచ్చారణల్లో ఉంది. లాంకషైర్‌లో పాతతరం వాళ్లు బుక్, కుక్‌లను ‘బూక్’, ‘కూక్’ అని దీర్ఘంగా పలుకుతారు. కురచకావడం అక్కడిదాకా పూర్తిగా చేరలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఉ-కారం అ-కారం కాలేదు, కాబట్టి అక్కడ బ్లడ్ ‘బ్లుడ్’, కట్ ‘కుట్’. లండన్‌లో కలిసిపోయిన ఒక్కో దశ ఉత్తరాన ఇంకా విడిగా వినబడుతుంది. రూమ్, రూఫ్ మాటలనైతే కొందరు ఇంగ్లీషువాళ్లు దీర్ఘంగా, కొందరు హ్రస్వంగా ఇప్పటికీ పలుకుతున్నారు. వాటి విషయంలో ఆ పాత ప్రక్రియ ఇంకా ముగియలేదు.

‘ఈ’, ‘ఏ’ జంట

1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణ మొదలుపెట్టాడు, అప్పటి రాత గడ్డకట్టింది, నోరు ముందుకు పోయింది అని సాధారణంగా చెబుతారు. ఇందులో నిజం సగమే. 16వ శతాబ్దపు ముద్రాపకులు స్పెల్లింగును ఇంకా దిద్దుతూనే ఉన్నారు. సంవృత ఏ-కారం నుంచి వచ్చిన ధ్వనికి ‘డబుల్ ఈ’, వివృత ఏ-కారానికి ‘ఈ’, ‘ఏ’ అక్షరాల జంట అనే విభజన స్థిరపడింది ఆ శతాబ్దంలోనే. కలుసుకోవడానికి ‘డబుల్ ఈ’, మాంసానికి ‘ఈ’, ‘ఏ’ రాశారు. వెనక వైపు వివృత ఓ-కారానికి ‘ఓ’, ‘ఏ’ జంటను కేటాయించారు. బోట్, కోట్, రోడ్ మాటల స్పెల్లింగు అదే. ఇవి మార్పు నడుస్తుండగా చెవి పెట్టి విని చేసిన ఏర్పాట్లు.

ఆ తర్వాత, దాదాపు 1700 నాటికి, మాంసమనే మాట మరో మెట్టు ఎక్కి ఈ-కారంలో కలిసిపోయింది. రెండు మీట్‌లూ చెవికి ఒకటయ్యాయి, కాగితం మీద వేరుగా మిగిలాయి. కొన్ని మాటలు ఆ చివరి మెట్టు ఎక్కలేదు. గ్రేట్, బ్రేక్, స్టేక్ ఏ-కారం దగ్గరే ఆగిపోయాయి. అవే ఎందుకన్నదానికి నిలబడే సమాధానం లేదు. 18వ శతాబ్దంలో గ్రేట్ ఊగిసలాడిందనడానికి శామ్యూల్ జాన్సన్ మాటే రుజువు. తన నిఘంటువుకు ప్రణాళిక రాసే రోజుల్లో లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ ‘గ్రేట్’ను ‘స్టేట్’తో ప్రాస కలిపి పలకాలన్నాడనీ, సర్ విలియం యంగ్ ‘సీట్’తో కలిపి ‘గ్రీట్’ అనాలనీ, ఐర్లండువాళ్లు తప్ప ఎవరూ ‘గ్రేట్’ అనరనీ చెప్పాడనీ జాన్సన్ బాస్వెల్‌కు వివరించాడు. ఒకరు ప్రభువుల సభలో, ఇంకొకరు కామన్స్ సభలో మేటి వక్తలు. దేశంలో మంచి ఉచ్చారణకు నమూనా అనదగిన ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే నిఘంటుకారుడు ఏది రాయగలడు? యంగ్ అన్నదాంట్లో ఒక నిజముంది. ఐర్లండ్ ఇంగ్లీషులో టీని ‘టే’ అనడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. అలెగ్జాండర్ పోప్ 18వ శతాబ్ది తొలినాళ్లలో టీని ‘ఒబే’తో ప్రాస కలిపాడంటే ఆనాటి లండన్‌లోనూ ఆ ఉచ్చారణ చెల్లుబాటయ్యేది. కవులలో కీట్స్‌ను ఈ-కారంతో, యేట్స్‌ను ఏ-కారంతో పలకడం కూడా ఈ జంట అక్షరాల రెండు దారులే.

మూడో దారి కురచైనవాటిది. హెడ్, బ్రెడ్, డెత్ మాటల్లో ‘ఈ’, ‘ఏ’ రాశామంటే వాటిలోనూ ఒకప్పుడు దీర్ఘ వివృత ఏ-కారం ఉండేదన్నమాట. అది కురచై హ్రస్వ ఎ-కారంగా ఆగిపోయింది, ఇక పైకి ఎక్కలేదు. చదవడమనే మాట వర్తమానంలో ‘రీడ్’, భూతకాలంలో ‘రెడ్’. స్పెల్లింగు మారకుండానే కాలం మారుతుంది. రూపాల్లో ఒకటి దీర్ఘంగా ఉండి మెట్లెక్కింది, మరొకటి ముందే కురచై కిందే ఆగింది.

హ్రస్వాలు కదలలేదు

పై ఉదాహరణలో అంతర్లీనంగా ఉన్న నియమం ఇది: మహాపరివర్తనం దీర్ఘాలదే, హ్రస్వాలకు దానితో పని లేదు. ఒకే ధాతువు ఒక రూపంలో దీర్ఘంగా, ఇంకో రూపంలో హ్రస్వంగా ఉంటే, మార్పు తర్వాత ఆ రెండూ దూరమైపోతాయి. డివైన్-డివినిటీ, చైల్డ్-చిల్డ్రన్, వైడ్-విడ్త్, సేన్-శానిటీ, కీప్-కెప్ట్ అలాంటి జంటలు. ప్రతి జంటలోనూ హ్రస్వ రూపమే పాత అచ్చు గుణాన్ని దాచింది. ‘క్రిస్మస్’లోని ఇ-కారం పాతది, ‘క్రైస్ట్’లోని ఐ-కారం కొత్తది. తెలుగు ‘క్రీస్తు’ ఇంగ్లీషు ఉచ్చారణను గాక లాటిన్, గ్రీకు రూపాన్ని అనుసరించింది గనుక అందులో ఈ-కారం చెక్కుచెదరలేదు.

అరువుమాటలు చేరిన కాలం కూడా ఇలాగే బయటపడుతుంది. ఫైన్, నైస్, ప్రైస్ ఫ్రెంచి నుంచి మార్పుకు ముందే వచ్చాయి, ఈ-కారం పోగొట్టుకుని ఐ-కారం తెచ్చుకున్నాయి. మెషీన్, పోలీస్ మార్పు బాగా ముందుకు సాగాక చేరి, ఫ్రెంచి ఈ-కారాన్ని కాపాడుకున్నాయి. ప్రైస్‌కూ పోలీస్‌కూ చివరి మూడు అక్షరాలు ఒకటే అయినా పలుకు వేరు కావడానికి కారణం ఇది. హౌస్‌లో ఔ, సూప్‌లో ఊ ఉండడమూ ఇలాంటిదే. రెండింటి అక్షరజంట ఒకటే, ‘ఓ’, ‘యూ’. ఊ-కారానికి ఆ జంట రాయడం ఫ్రెంచి లేఖకుల అలవాటు.

అయితే ప్రతి వింత స్పెల్లింగునూ ఈ మార్పు ఖాతాలో వేయకూడదు. ‘నైట్’ మధ్యలో పలకని అక్షరాలు హల్లులు పోవడం వల్ల మిగిలినవి. ‘డెట్’లో పలకని ‘బి’ లాటిన్ మీది గౌరవంతో పండితులు చొప్పించింది. ‘సన్’, ‘లవ్’ వంటివాటిలో ఉ-కారానికి ‘ఓ’ రాయడం, పక్కపక్కనున్న నిలువు గీతలు కలిసిపోయి చదవడం కష్టమవుతుందని లేఖకులు ఎంచుకున్న ఉపాయం. ‘డోర్’, ‘ఫ్లోర్’లలో ‘డబుల్ ఓ’ ఊ-కారం కాకపోవడానికి తరువాత వచ్చే ర-కారం కారణం. మాటలోని అచ్చు దీర్ఘమా, దాని మీద ఊనిక ఉందా, పక్కన ర-కారం ఉందా, మాట ఇంగ్లీషులోకి ఎప్పుడు వచ్చింది అని చూసుకున్నాకే ఈ నియమాన్ని వర్తింపజేయాలి.

తెలుగు పేర్ల రోమన్ రాతలో

భారతీయ పేర్లను రోమన్ లిపిలో రాసేటప్పుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు ఇదే సమస్య ఎదురైంది. ఊ-కారానికి మార్పు జరిగిన ఇంగ్లీషు విలువతో ‘డబుల్ ఓ’ రాయాలా, లేక లాటిన్, ఇటాలియన్ విలువతో ‘యూ’ అక్షరం రాయాలా? కలకత్తాలో సర్ విలియం జోన్స్ 1788లో ప్రచురించిన వ్యాసంలో ఇటాలియన్ విలువల వైపు మొగ్గాడు. జాన్ గిల్‌క్రిస్ట్ ఇంగ్లీషువాడి చెవికి అనువైన ‘డబుల్ ఓ’, ‘డబుల్ ఈ’ పద్ధతి వాడాడు. పాత రికార్డుల్లో గుంటూరు ‘డబుల్ ఓ’తో కనిపించేది ఈ రెండో పద్ధతిలోనే. 1870లలో విలియం విల్సన్ హంటర్ జోన్స్ మార్గాన్ని ప్రభుత్వ పద్ధతిగా స్థిరపరచాక గుంటూరు స్పెల్లింగులో ‘డబుల్ ఓ’ పోయి ‘యూ’ వచ్చింది. బాగా అలవాటైన పేర్లను పాతరూపంలో ఉంచేందుకు హంటర్ పద్ధతి వీలిచ్చింది. కర్నూలు ‘డబుల్ ఓ’తోనే నిలిచిపోయింది. రెండు ఊళ్ల పేర్లలోనూ ఉన్నది ఒకే ఊ-కారం. కర్నూలులో దాన్ని మార్పు తర్వాతి ఇంగ్లీషు లెక్కన, గుంటూరులో మార్పెరగని లాటిన్ లెక్కన రాస్తున్నాం. శ్రీని ‘డబుల్ ఈ’తో రాయాలా ఒక్క ‘ఐ’తో రాయాలా, పూజకు ‘డబుల్ ఓ’నా ‘యూ’నా అని పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు తెలుగు కుటుంబాలు నేటికీ ఎంచుకుంటున్నది ఈ రెండు లెక్కల్లో ఒకదాన్ని.